వాన చప్పుడు వినపడని పూట

పట్టుపురుగులు పొర విడవడానికి కదలకుండా పడుకుంటే పుంగనూరు పక్క దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగులకు ఆకలి ఎక్కువ. మల్బరీ ఆకు వేసిన కాసేపటికి అవి నమిలే చప్పుడు షెడ్డంతా సన్నవాన కురిసినట్టు ఉంటుంది. ఆ చప్పుడు పలచబడిందంటే పురుగుకు ఏదో తేడా చేసిందన్నమాట. శాంతకుమారికి ఈ వినికిడి విద్య నేర్పినవాడు భర్త చెంగయ్య. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆయన పోయాక ఇంట్లోని నిశ్శబ్దం ఆమె భరించలేకపోయింది. మదనపల్లెలో ఉండే కూతురు వాణి తన పాత ఫోను ఇచ్చింది. కుప్పంలో ఉండే చెల్లెలు మునీశ్వరి దాంట్లో లూడో నేర్పింది. ఆడుతూనే మాట్లాడుకోవచ్చు.

"నీ కాయ కొట్టేసినా సూడక్కా! ఇంగ ఇంటికి పో!" అని చెల్లెలు చెవుల్లో కేక పెడుతుంటే శాంతకుమారికి పొద్దు తెలిసేది కాదు. ఆకు వేసి వచ్చి వరండాలో కూర్చుంటే మధ్యాహ్నమంతా అదే. రోజుకు నాలుగు గంటలు, ఐదు గంటలు. ఇంటి ముందు రోడ్డు మీద టమాటా లారీలు పోతుంటాయి. ఆ మోతలో పాచికల గలగల వినపడాలని ఇయర్‌ఫోన్లలో సౌండు చివరిదాకా పెంచేది. అప్పుడప్పుడు తెర మీద ఇంగ్లీషు అక్షరాల డబ్బా ఒకటి వచ్చేది. అదేదో ప్రకటన అనుకుని కింది బొత్తాన్ని నొక్కేసేది.

ఒక రోజు ఇయర్‌ఫోన్లు తీసేసరికి చెవుల్లో గుయ్యిమంది. తలనొప్పి కాబోలనుకుని వెళ్ళి ఆకు వేసింది. షెడ్డు తలుపు దగ్గర నిలబడి చెవి పెట్టింది.

వాన లేదు.

ఇన్ని వేల పురుగులు ఒక్కసారిగా మేత మానేశాయా? రోగం తగిలిందా? ఇది ఆయన లేకుండా ఆమె ఒక్కతే పెంచుతున్న రెండో పంట. పక్కింటి కుప్పమ్మను పిలవడానికి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

కుప్పమ్మ తలుపులో అడుగు పెట్టి ఎగాదిగా చూసింది.

"ఏమైందే నీకు? ఇంత వాన కురస్తా ఉంటే సప్పుడు లేదంటావా? ఆకు అంచులు సూడు, రంపంతో కోసినట్టుండాయి!"

శాంతకుమారి వంగి చూసింది. పురుగులు గబగబా తింటూనే ఉన్నాయి. కుప్పమ్మ మాట స్పష్టంగానే వినపడింది. పురుగుల చప్పుడే వినపడలేదు. అప్పుడు పుట్టిన భయం రోగం భయం కంటే పెద్దది.

"వెల్లుల్లి వేసి నూనె కాస్తా, రెండు బొట్లు పోద్దాం" అంది కుప్పమ్మ.

ఫోనులో సంగతి విన్న వాణి గట్టిగా అరిచింది. "అమ్మా, చెవిలో ఏమీ పోయద్దు! రేపు పొద్దున్నే మొదటి బస్సెక్కి రా. పురుగులకు ఆకు కుప్పమ్మత్త వేస్తాది."

మదనపల్లెలో చెవి డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, ఒక చిన్న గదిలో కూర్చోబెట్టించాడు. సన్నగా కూత వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. కొన్నిసార్లు ఎంతసేపటికీ కూత వినపడక ఆమె వేలు నొక్కకుండా బొత్తాం మీదే ఉండిపోయింది. గది అద్దం అవతల నిలబడిన వాణి ముఖం వాడిపోవడం కనపడింది.

"లోపల చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయమ్మా" అన్నాడు డాక్టరు. "పెద్ద శబ్దం గంటల తరబడి పడితే అవి వాలిపోతాయి. అలసినవి మళ్ళీ లేస్తాయి. చచ్చినవి మళ్ళీ పుట్టవు. ముందు పోయేది సన్న చప్పుళ్ళే. మాటలు వినపడతాయి కాబట్టి మనిషికి తెలియదు."

"నావి లేస్తాయా సార్?"

"ఇప్పుడే చెప్పలేను. ఇయర్‌ఫోన్లు మానేయండి. మూడు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం. ఈలోగా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం ఆ రోజే రండి."

వాణి ఫోను తీసుకుని సెట్టింగుల్లో సౌండు సగం దాటకుండా కట్టడి పెట్టింది. పెట్టేముందు ఒకసారి పైకి పెంచి చూసింది. ఇంగ్లీషు డబ్బా వచ్చింది.

"ఇదేనా నువ్వు నొక్కేది? 'ఇంత సౌండుతో ఎక్కువసేపు వింటే వినికిడి దెబ్బతింటుంది' అని ఉండాదమ్మా ఇందులో."

శాంతకుమారి ఎన్నిసార్లు నొక్కిందో గుర్తు చేసుకోబోయి మానేసింది.

మూడు వారాల తర్వాతి పరీక్షలో ఎడమ చెవి చాలామటుకు తేరుకుంది. కుడి చెవికి సన్న చప్పుళ్ళు కొన్ని తిరిగి రాలేదు. రాకపోవచ్చు కూడా అన్నాడు డాక్టరు. ఆడాలనుంటే సౌండు సగం లోపే, గంటకోసారి చెవులకు విరామం, లారీల మోత ఉన్న చోట అసలు వద్దు అని చెప్పి పంపాడు.

తర్వాతి పంటలో నాలుగో జ్వరం లేచిన రోజున చెల్లెలు ఫోను చేసింది.

"ఏమక్కా, ఆటకు రావా?"

"వస్తాలే, అరగంట సేపే ఆడతా. నువ్వు సౌండు యాడ పెట్టుకున్నావు?"

"ఫుల్లు. మా ఇంటి పక్కన మిల్లుండాది కదా."

"తగ్గించు మునీ. మిల్లు లేని పక్కకు పొయ్యి కూచో. లేకుంటే నేను ఆడను పో."

ఫోను పెట్టేసి షెడ్డులోకి వెళ్ళి ఆకు వేసింది. కాసేపు ఆగి, కుడి చెవి పురుగుల అరల వైపు తిప్పింది. ఏదో దూరంగా, ఉన్నట్టూ లేనట్టూ. ఎడమ చెవి తిప్పింది. వాన. ఆమె ఎడమ చెవి అటే పెట్టి చాలాసేపు నిలబడింది.