పెద్దమ్మ ఊ కొట్టని చోటు

మెడిసిన్ ఆఖరి పరీక్ష రెండోసారి పోయాక జగ్గయ్యపేటలో మా వీధిన నడవడం కష్టమైపోయింది. కూరగాయల బుట్ట దించుతూ ఒకావిడ, సోడాబండి దగ్గర ఇంకొకాయన, ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద అందరూ ఒక్కటే ప్రశ్న. "డాక్టరమ్మవి ఎప్పుడైతావమ్మా?" వాళ్ళు అభిమానంగానే అడిగేవారు. ఆ అభిమానం భరించలేకే నేను పెరటి గుమ్మంలోంచి రాకపోకలు పెట్టుకున్నాను.

అరవైల మొదట్లో సంగతి. మా నాన్న బడిపంతులు. మొదటిసారి తప్పినప్పుడు ధైర్యం చెప్పాడు. రెండోసారి తప్పిన కొన్ని రోజుల తరవాత అన్నం తింటూ, తలెత్తకుండా అన్నాడు. "ఈసారి చూద్దాం. కాకపోతే టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టు. నా వల్ల ఇంతవరకే అయిద్దమ్మా." ఆయన్ని తప్పుపట్టే ఓపిక కూడా నాకు లేదు. అయిదేళ్ళు చదివి, శవాలు కోసి, వార్డులు తిరిగి, చివరికి పలకా బలపం దగ్గరికి రావాలా అని రాత్రుళ్ళు కోపం రగిలేది. తెల్లారేసరికి అది కూడా చల్లారిపోయి ఉత్త నీరసం మిగిలేది.

చదవక తప్పానంటే ఒప్పుకోను. పుస్తకం నోటికొచ్చు. అదే నా రోగం. రెండోసారి మౌఖిక పరీక్షలో ఎగ్జామినరు, "మైట్రల్ స్టెనోసిస్‌లో పాదాలు ఎందుకు వాస్తాయి?" అని గుండె కవాటం ఇరుకయ్యే జబ్బు గురించి అడిగాడు. పుస్తకంలో ఉన్న వాక్యం అప్పజెప్పాను. "అది సరేనమ్మా, ఎందుకు?" అన్నాడు. అదే వాక్యం ఇంకొంచెం గట్టిగా అప్పజెప్పాను. ఆయనకి చెవుడనుకున్నానేమో! ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలోనే నాకు ఫలితం తెలిసిపోయింది.

మా హాస్టల్లో ఒక సీనియర్ అంటూ ఉండేది, చదివింది పైకి చెప్పి చూసుకోమని. ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని, ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పాలట. ఎక్కడ నోరు తడబడితే అక్కడ మనకి రానట్టు. ఇంట్లో నాన్నని కూర్చోబెట్టుకున్నాను. నేను నోరు తెరవగానే ఆయన మొహం వెలిగిపోయేది. ఇంగ్లీషులో వరసగా నాలుగు మాటలు దొర్లితే చాలు, "భేష్" అనేవాడు. నేను తప్పు చెప్పినా భేషే. అలాంటి శ్రోతతో ఒక్క కంత కూడా బయటపడదు. పైగా ఆయన ఆశ చూసి నాకు ఇంకా భయమేసేది.

అందుకని పరీక్షలకి ముందు పుస్తకాల సంచి పట్టుకుని నందిగామ బస్సెక్కాను. అక్కడ మా అమ్మకి అక్క, మా పెద్దమ్మ, ఒంటరిగా ఉండేది. పెదనాన్న ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కూతురూ, నేను అక్కా అని పిలిచే పిల్ల, నేను హైస్కూల్లో ఉండగా పోయింది. ఏదో గుండెజబ్బని ఇంట్లో అనుకునేవారు. పెద్దమ్మ దాని గురించి మాట్లాడేది కాదు, మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

అవి మిరపకాయల రోజులు. ఆసాముల ఇళ్ళ నుంచి గోతాలు తెచ్చుకుని పెద్దమ్మ వసారాలో కూర్చుని తొడిమలు తీసేది. ఆ ఘాటుకి నేను తుమ్మేదాన్ని, దగ్గేదాన్ని, కళ్ళు తుడుచుకుని ఇంకా మండించుకునేదాన్ని. పెద్దమ్మకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

"నేను పాఠం చెప్తా, నువ్వు విను పెద్దమ్మా," అన్నాను.

"నాకేం తెలుసునే? కథైతే ఊ కొడతా."

"కథలాగే చెప్తా. అర్థమైతేనే ఊ కొట్టు. కాకపోతే కొట్టకు. మొహమాటపడితే ఈసారీ తప్పుతా."

అదే మా ఒప్పందం. ఊ కొట్టేవాళ్ళు లేకుండా మా ఇళ్ళల్లో కథ సాగదు. పెద్దమ్మ ఊ మీద నా చదువు నడవడం మొదలైంది.

ఇంగ్లీషు మాటలు ఆమెకి పనికిరావు. తెలుగులో చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. మొదటిరోజే తెల్లమొహం వేశాను. "చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వస్తే, అది గుండెలో ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటాన్ని దెబ్బతీస్తుంది. కొన్నేళ్ళకి ఆ కవాటం ఇరుకైపోతుంది."

"ఊ."

"అప్పుడు నెత్తురు కిందికి సరిగ్గా దిగక పైగదిలో నిలుస్తుంది. ఆ గదిలోకి నెత్తురు వచ్చేది ఊపిరితిత్తుల నుంచి. అందుకని అక్కడా నిలుస్తుంది. ఆయాసం వస్తుంది. పడుకుంటే కాళ్ళల్లో నెత్తురు కూడా పైకొచ్చి చేరి ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది."

"ఊ."

"తరవాత పాదాలు వాస్తాయి."

చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. ఊ మాత్రం రాలేదు.

"ఎడమపక్క అడ్డం పడితే నీరు కాళ్ళల్లోకి ఎట్టా వచ్చిద్దే?"

ఎగ్జామినరు అడిగిందే. ఆయన దగ్గర పోయిన మాట పెద్దమ్మ దగ్గర కూడా పోయింది. అయితే ఇక్కడ మార్కులు లేవు, మిరపకాయలే ఉన్నాయి. లేచి పుస్తకం తీశాను. విడివిడిగా అన్నీ ఉన్నాయి అందులో, నాలో కూడా ఉన్నాయి. ఒకదానికొకటి నేను ముడివేసింది మాత్రం ఎప్పుడూ లేదు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపెరిగి అక్కడికి నెత్తురు తీసుకెళ్ళే నాళాలు బిగుసుకుంటాయి. వాటిలోకి నెట్టాల్సింది గుండె కుడివైపు. అది నెట్టీ నెట్టీ అలిసిపోతుంది. అలిసిపోయాక ఒళ్ళంతటి నుంచి దానికి రావలసిన నెత్తురు వెనక నిలిచిపోతుంది. సంతదారిలో ముందు బండి ఇరుసు విరిగితే వెనక బండ్లన్నీ ఆగినట్టు. అప్పుడు మెడ నరాలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, పాదాలు వాస్తాయి. ఎడమ నుంచి కాళ్ళదాకా దారి ఊపిరితిత్తుల మీదుగా, కుడివైపు మీదుగా ఉంది. ఆ మధ్య మజిలీలు వదిలేసి నేను రెండుసార్లు పరీక్షకి వెళ్ళాను.

మళ్ళీ చెప్పాను. "ఊ," అంది పెద్దమ్మ. ఆ ఒక్క అక్షరానికి నాకు ఏడుపొచ్చింది. మిరపకాయల మీద నెట్టేశాను.

అలా కామెర్లు, మధుమేహం, మూత్రపిండాలు అన్నీ ఆ వసారాలోనే చెప్పుకున్నాం. ఒకరోజు ఎండకి ఇద్దరం వాడిపోయి ఉన్నాం. ఆమె ఊ మరీ తేలిగ్గా వచ్చేస్తోంది. అనుమానమొచ్చి, "ఆ తరవాత మూత్రపిండంలోంచి బొప్పాయికాయ బయటికి వస్తుంది," అన్నాను.

"ఊ."

"పెద్దమ్మా! దొంగ ఊ!"

"నీ మొహం పీక్కుపోయిందే. ఇంకోసారి ఎందుకులే అని కొట్టా," అంది. కసిరాను. నా కసురు ఆమెని ఏమీ చేయలేదు, లేచి మజ్జిగ కలిపి ఇచ్చింది. ఆ రోజు చెప్పిందంతా మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. విసుగు కూడా అలవాటైపోతుందని అప్పుడే తెలిసింది.

వెళ్ళిపోయే ముందు అన్నీ ఒకసారి తిరగేస్తూ మళ్ళీ ఆ కవాటం దగ్గరికి వచ్చాను. బాగా వచ్చిన పాఠమని గబగబా చెప్పుకుపోతున్నాను. ఎడమవైపు, ఊ. ఊపిరితిత్తులు, ఊ. కుడివైపు, ఊ. పాదాలు, ఊ. చివర్న పుస్తకంలో చిన్న వాక్యం ఒకటుంది. అదీ చెప్పేశాను. "ఈ దశకొచ్చాక ఒక్కోసారి ఆయాసం తగ్గుతుంది."

ఊ రాలేదు. చేతులు కూడా ఆగాయి.

"తగ్గితే మంచిదేగా?"

"కాదు. జబ్బు ముదిరినట్టు."

"తగ్గితే ముదరడమేందే?"

వాక్యం వచ్చు, కారణం రాదు. ఇంకా ఎన్ని కంతలున్నాయో అని ప్రాణం ఉసూరుమంది. పుస్తకంలో కారణం లేదు. దొడ్లోకి పోయి గోడకి చెప్పుకున్నాను, మొదటినుంచి ఒక్కో మెట్టూ. ఆయాసం ఎందుకు? ఊపిరితిత్తుల్లో నెత్తురు నిండి. అక్కడికి నెత్తురు నెట్టేదెవరు? కుడివైపు. మరి కుడివైపే అలిసిపోతే?

వచ్చి చెప్పాను. "కుడివైపు నెట్టలేకపోతోంది పెద్దమ్మా. అందుకని ఊపిరితిత్తుల్లోకి మునుపటంత నెత్తురు పోదు. అక్కడ బరువు తగ్గి ఆయాసం తగ్గుతుంది. పడుకోగలుగుతారు. అది నయమవడం కాదు. గుండె చేతులెత్తేయడం."

నాకు దొరికినందుకు నేను సంతోషంలో ఉన్నాను. ఆమె మిరపకాయల వైపే చూస్తోంది.

"మీ అక్క నెలల తరబడి గోడకానుకునే పడుకునేది. కాళ్ళు వాచినయ్. ఆ తర్వాత ఒకరోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నయమైందనుకున్నాం. గుళ్ళో కృతజ్ఞత కూడిక పెట్టిచ్చా. అందరికీ పులిహోర పంచా. మళ్ళీ ఆదివారానికి లేదు."

నేనూ తిన్నాను ఆ పులిహోర.

"అప్పుడు తెలిసుంటే?" అంది.

మద్రాసు వైపు అప్పటికే కొన్నిచోట్ల ఆ కవాటాన్ని విప్పే ఆపరేషన్లు జరుగుతున్నాయి. అంత ముదిరాక అక్కడిదాకా చేరేదా, చేరినా తట్టుకునేదా? "చెప్పలేం పెద్దమ్మా," అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఓదార్పూ చెప్పలేదు. ఆమె చేతులు మళ్ళీ కదిలాయి.

పరీక్షలో ఆ కవాటం రానే లేదు. నాకు దక్కింది కామెర్ల మనిషి. ఎగ్జామినరు "ఎందుకు?" అన్న ప్రతిచోటా లోపల పెద్దమ్మ ఊ కొట్టేదాకా ఆగి చెప్పాను. ఒకచోట ఊ రాలేదు. "అది నాకు తెలియదండి," అన్నాను. ఆయన తలూపి ముందుకు వెళ్ళాడు.

పాసయ్యానని తెలిశాక నాన్న వీధంతా తిరిగి చెప్పొచ్చాడు. నేను గాఢంగా నిద్రపోయాను. లేచాక నందిగామ వెళ్ళాను. వసారాలో మిరపకాయలు అయిపోయి చింతపండు వచ్చింది. పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. పరీక్ష ఊసెత్తలేదు.

"కూర్చో. ఆయాసం తగ్గేది మళ్ళా చెప్పు."

"ఎందుకు పెద్దమ్మా ఇప్పుడు?"

"ఆ రోజు నేను ఊ కొట్టలా."

మొదటినుంచీ చెప్పాను, కీళ్ళ జ్వరం దగ్గర్నుంచి. ఆమె చింతగింజలు తీస్తూ ఊ కొడుతూ వచ్చింది. ఆ చోటికి వచ్చి, కుడివైపు అలిసిపోయింది, అందుకే వెల్లకిలా పడుకోగలిగింది అని చెప్పి ఆగాను. తొందరపెట్టలేదు.

"ఊ," అంది పెద్దమ్మ.