ఖాళీ గడి

కంటి క్లినిక్‌లో నోట్సు టైపు చేసే ఆవిడకి ఖాళీ గడి కనబడితే ఒళ్ళు మండుతుంది. డాక్టరుగారు గడగడా చెప్పుకుపోయేదాన్ని ఒక్క పేరాగా కొట్టిపారేయడం ఆవిడకి సుతరామూ గిట్టదు. కుడి కంటికో నిలువు వరస, ఎడమ కంటికో వరస. ఒక్కోదాంట్లో చూపు, ఒత్తిడి, రెటీనా విడివిడిగా ఉండాల్సిందే.

ఆ రోజు, ఎడమ కన్ను మసకేస్తోందని వచ్చిన బస్సు డ్రైవరు వివరాలు గడుల్లో సర్దుతోంది. చూపు కుడికి 6/6, ఎడమకి 6/18. ఒత్తిడి కుడికి పదహారు, ఎడమకి పదిహేను. ఎడమ కంట్లో శుక్లం మొదలైంది, రెటీనా మాత్రం బాగుంది. కుడి రెటీనా గడిలో రాయడానికి ఏమీ లేదు.

ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని లేచి డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది. "కుడి రెటీనా సంగతి చెప్పలేదు సార్."

"బాగానే ఉంటుందిలేమ్మా. నార్మల్ అని కొట్టెయ్."

"చూసి చెప్తున్నారా?"

డాక్టరుగారు తల గోక్కున్నారు. "ఎడమ కంటి గొడవలో పడి మర్చిపోయాను. నీతో పెద్ద తలనొప్పమ్మా!" అంటూనే, బయట మందులు కొంటున్న డ్రైవర్ని వెనక్కి పిలిపించారు. పరీక్ష కోసం రెండు కళ్ళలోనూ వేసిన చుక్కల మందు ప్రభావం ఇంకా తగ్గలేదు. కంటిపాపలు పెద్దవిగానే ఉన్నాయి. ఈసారి కుడి కంట్లోకి చాలాసేపు చూశారు.

"రాయమ్మా. కుడి రెటీనా, పై అంచున చిన్న చిరుగు. ఇవాళే లేజర్ చెయ్యాలి."

డ్రైవరు బిత్తరపోయాడు. "అది నా మంచి కన్ను కదమ్మా!"

"అందుకే దాన్నెవరూ పట్టించుకోలేదు," అంది ఆవిడ, గడి నింపుతూ.