రెండు వేలు పోయినట్టా, పోనట్టా

నా కంటి ఆపరేషన్ శనివారం. ఆసుపత్రిలో ముందుగా పన్నెండు వేలు కట్టమన్నారు. కట్టకపోతే నా వంతు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ నెల రోజులు ఆగాలి. మా ఆయన మిల్లులో చేసినందుకు నాకు వచ్చే పింఛను ఖాతాలో అప్పటికి పన్నెండు వేల మూడు వందల నలభై ఉంది.

సోమవారం ఉదయం పదీ ఇరవైకి సేత్తూరు బస్టాపు దగ్గరున్న బ్యాంకు పాయింటుకు వెళ్ళాను. రాజపాళయం బ్యాంకుకు బస్సెక్కే ఓపిక లేని మాలాంటి వాళ్ళకు వేలిముద్ర మీద డబ్బిచ్చే చిన్న గది అది. నడిపేది నలభై ఏళ్ళ మనిషి, మా వీధి కోడలు.

"పన్నెండు వేలు కావాల," అన్నాను.

"ఒక సారికి పదివేలే పెద్దమ్మా. తక్కిన రెండు వేలు ఇంకో సారి తీస్తాము."

ఆధార్ నంబరు మెల్లగా చెప్పాను. బ్యాంకు పేరు సరిగా ఎంచుకుందో లేదో, తెర మీద పదివేలే ఉందో లేదో చూసిన తరువాతే వేలు పెట్టాను. కుడి బొటనవేలు పడలేదు. ఎడమ చూపుడువేలు తుడిచి పెడితే పడింది. డబ్బు లెక్కపెట్టుకుని రసీదు తీసుకున్నాను. అందులో ఆధార్ చివరి నాలుగు అంకెలే ఉన్నాయి. అంతవరకు బాగుంది.

రెండో సారి వేలు పెడితే మెషీను చాలాసేపు తిరిగి, డబ్బు రాలేదని చీటీ ఇచ్చింది. అంతలో నా ఫోనుకు మెసేజి. ఆమె చదివింది. రెండు వేలు తీసినట్టుంది, మిగిలింది మూడు వందల నలభై అట.

"చీటీ పోలేదంటాది, ఫోను పోయిందంటాది. ఏది నిజం?"

"రెండూ నిజమే."

"అదెట్లా అవుతాది?"

"నడుమ నెట్టు తెగింది పెద్దమ్మా. ఐదు దినాల్లో తానే తిరిగి వస్తాది. రాకుంటే ఈ చీటీ ఎత్తుకుని బ్యాంకుకి పోవాల. భద్రం. ఇప్పుడు మళ్ళీ వేలు పెట్టొద్దు."

ఆమెకు ఇరవై రూపాయలు ఇవ్వబోయాను.

"వద్దు. దీనికి మీ దగ్గర కాసు వాంగకూడదు," అని, డబ్బు తీసుకోరాదని రాసిన గోడ మీది బోర్డు చూపించింది.

భద్రం అన్న మాట ఒక్కటే నా తలలో నిలిచింది. చీటీ చూస్తే వెంట్రుక మందాన ఉంది. ఎదుటి జిరాక్సు అంగడిలో ఇచ్చి లామినేషన్ చేయమన్నాను. వేడి మెషీనులోంచి బయటికి వచ్చేసరికి అది నల్లటి పలక. ఒక్క అక్షరం లేదు.

తిరిగి వెళ్ళి ఆ పలక ఆమె ముందు పెట్టాను. "ఏం కాగితం ఇచ్చినావు నాకు?"

ఆమె తిప్పి తిప్పి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "దోసె మాదిరి కాల్చినారే. ఇది వేడి తగిల్తే నల్లబడే కాగితం. ఊరికే పెట్టినా కొన్ని నెలల్లో చెరిగిపోతాది."

"అయితే సాక్ష్యం పోయినట్టేనా?"

"పోలేదు." ఆమె తన లెక్కల జాబితాలో వెతికి, ఆ రెండు వేల లావాదేవీకి ఉన్న పన్నెండు అంకెల నంబరు చదివింది. నేను నోటుబుక్కులో రాసుకుని రెండు సార్లు సరిచూసుకున్నాను. చీటీ లేకపోయినా ఈ నంబరు, తేదీ, మొత్తం చెబితే బ్యాంకులో వెతుకుతారట.

మంగళవారం, బుధవారం మెసేజి రాలేదు. డబ్బు రాలేదా, ఫోనే సరిగా లేదా అన్నది అర్థం కాలేదు. గురువారం పదకొండింటికి ఖాతాలో ఎంతుందో చూడమని వెళ్ళాను. వేలు పెట్టమంటే చేయి వెనక్కి తీసుకున్నాను.

"చూడ్డానికి కూడా వేలా? మళ్ళీ పోతే?"

"తెర చూడండి. ఎంత అని ఎక్కడన్నా ఉందా?"

లేదు. బ్యాలెన్స్ అని మాత్రమే ఉంది. వేలు పెట్టాను. రెండు వేల మూడు వందల నలభై.

"వచ్చేసినాది. తీస్తామా?"

"ఉండు. ఈ మూడు దినాలూ ఎక్కడ ఉన్నింది?"

"నాకేం తెలుసు పెద్దమ్మా. మీకు ఆపరేషన్‌కి కాసు కావాలా, దాని జాతకం కావాలా?"

తెర మీద రెండు వేలు చూసి వేలు పెట్టాను. ఈ సారి నోట్లూ, రసీదూ, మెసేజీ ఒకే మాట చెప్పాయి. రసీదులోని అంకెలన్నీ అక్కడే కూర్చుని పెన్నుతో రాసుకున్నాను. నా వెనకున్న వరుసకు ఆమె సర్దిచెప్పింది.

శుక్రవారం పన్నెండు వేలు కట్టాను. ఆసుపత్రి రసీదు కూడా అదే రకం పలచటి కాగితం. కౌంటరు దగ్గరి నుంచి కదలకుండా దాన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను.