రిపోర్టు బాగుంది, కాంతం బాగోలేదు

కాంతం నోటికి జడవని మేస్త్రీ కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో లేడు. జలంత్రకోటలో పుట్టి, పలాసలో కూర్మయ్యకి ఇల్లాలై వచ్చిన నాటి నుంచి ఆమె పప్పుకి పొట్టు తీసే షెడ్డులోనే పని చేస్తోంది. ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదని ఒకసారి అందరినీ లేపి గేటు ముందు కూర్చోబెట్టింది. యజమాని నాలుగు రోజులు ఉరిమి, అయిదో రోజు ఇటుకలు దింపించాడు. దొడ్డి వచ్చిందిగాని పాత అలవాటు పోలేదు. నీళ్లు తక్కువ తాగి, సాయంత్రం దాకా బిగబట్టుకుని పని ముగించడం ఆ షెడ్డులో ప్రతి ఆడదానికీ తెలిసిన విద్య.

ఆ విద్యే ఆమెను మోసం చేసింది.

నడుంనొప్పి ఆమెకి పాత చుట్టమే. ఆ వారం మాత్రం జీడిపిక్కల బస్తా జరపబోయి వంగిన చోట ఏదో కలుక్కుమంది. నొప్పి పిరుదుల్లోంచి రెండు కాళ్లలోకీ పాకింది. ఎప్పుడూ ఒక కాలే లాగేది, ఈసారి రెండూ లాగాయి. వీధి చివర ఆర్‌ఎంపీ సూది వేశాడు. మర్నాడు షెడ్డులో పీట మీద కూర్చుంటే, కింద దళసరి గోనెపట్టా మడిచి పెట్టినట్టుంది. చేత్తో తడిమి చూసుకుంది. పట్టా లేదు. సాయంత్రం దాకా ఒంటేలు రాలేదు. మంచిదేలే, పని సాగింది అనుకుంది.

ఇంటికొచ్చి రెండేళ్ల కూతురు స్వాతిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తోంది. కాసేపటికి చీర తడిసి కనిపించింది. చెప్పకుండా పోసేశావేటే అని పిల్లని కసిరింది. పిల్ల బిక్కమొహం వేసింది. లేపి చూస్తే పిల్ల లాగు పొడిగా ఉంది. తడిసింది కాంతం. తడిసినట్టు కాంతానికే తెలీలేదు.

ఆ సంగతి భర్తకి చెప్పగానే కూర్మయ్య మొహం పాలిపోయింది. ఉద్దానంలో ఒంటేలు మాటెత్తితే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే, కిడ్నీ జబ్బు. అతని అన్న డయాలసిస్ మంచం మీదే పోయాడు. ఆ రోజుల్లో ఇంట్లో అందరూ మాత్రల పేర్ల కంటే ముందు క్రియాటినిన్ అనే మాట నేర్చుకున్నారు. పెద్దకొడుకుని పోగొట్టుకున్న అత్త గౌరమ్మ గోడకి జారబడింది. తెల్లారగానే రక్తం ఇప్పించారు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. కిడ్నీలు దివ్యంగా ఉన్నాయి.

ఇంట్లో పండగ. గౌరమ్మ కొబ్బరికాయ కొట్టింది. గండం గడిచిందని పక్కింటికీ ఎదురింటికీ చెప్పొచ్చింది. రెండు చెంబులు నీళ్లు తాగించి, తాగితే దానంతటదే వస్తుంది అంది. అన్న పోయాక కూర్మయ్య నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు చూసి కాంతానికి జాలేసింది, ఒళ్లు మండింది కూడా. పొత్తికడుపు ఉబ్బి ఉంది. ఒంటేలుకి పొమ్మని కడుపు పిలవడం లేదు. దొడ్లో కూర్చుని ముక్కితే నాలుగు చుక్కలు పడ్డాయి, పడ్డాయని చెవికి తెలిసింది, ఒంటికి తెలీలేదు.

"రిపోర్టు బాగుంది మావా. నాను బాగోలేను" అంది.

"ఇంకేటే నీ గోల? పెద్ద గండమే తప్పిపోనాది కదా."

"ఆ గండం నాది కాదు. నాదేటో ఇంకోటుంది. ఆటో పిలుత్తావా, నన్ను నడిసి పొమ్మంతావా?"

కిడ్నీ బాగున్నా ఆసుపత్రికి వెళ్తాననే మనిషిని గౌరమ్మ ఎక్కడా చూడలేదట. నోటికొచ్చినన్ని అంది. కాంతం పిల్లని ఆవిడ చేతికిచ్చి గడప దాటింది. కూర్మయ్య గొణుక్కుంటూ ఆమె వెనకాలే ఆటో ఎక్కాడు. తనకి తెలిసిన కాంపౌండరున్నాడని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడా అదే వరస. చీటీ రాసే కిటికీ దగ్గర కూర్మయ్య ముందుకొచ్చి, ఒంటేలు సరిగా రావడం లేదండి అన్నాడు. అవతలి మనిషి తలెత్తకుండా, కిడ్నీ వాళ్ల వరసలో నిలబడండి అన్నాడు. ఆ వరస మెట్ల దాకా ఉంది. కాంతం దాన్ని చూసింది, తన కాళ్ల వంక చూసుకుంది. కుడి మడమ నేల మీద సరిగా ఆనడం లేదు. ఇంతసేపూ కూర్మయ్య మొగాళ్ల ముందు సిగ్గుపడి మింగేసిన మాట ఏదో ఆమెకి తెలుసు. అది చెప్పకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదని కూడా తెలిసింది.

"నడుం నొప్పి. రెండు కాళ్లూ లాగతన్నాయి. ఒంటేలుకీ దొడ్డికీ పోయే కాడంతా మొద్దుబారిపోనాది. పోసుకున్నా తెలీడం లేదు" అని అందరికీ వినబడేలా అంది. వరసలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు. కూర్మయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని మెల్లగా అనమన్నాడు. మెల్లగా అంటే వినబడదని మళ్లీ అంది, ఇంకాస్త గట్టిగా.

అటుగా వెళ్తున్న డ్యూటీ డాక్టరు ఝాన్సీ ఆగిపోయింది.

తెర చాటున పడుకోబెట్టి పరీక్ష చేసింది. మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు సూదిమొనతో తాకుతూ, గుచ్చుకుంటోందా అని అడిగింది. కాంతానికి ఎక్కడ తాకుతోందో తెలీలేదు. దొడ్లోకెళ్లి వచ్చాక స్కానింగు తీస్తే మూత్రాశయం నిండు కుండలా కనిపించింది. గొట్టం వేసి ఒంటేలు బయటికి తీశారు. గొట్టాన్ని నెమ్మదిగా లాగి, తెలుస్తోందా అంటే, దేన్ని అని అడిగింది కాంతం.

డాక్టరు కూర్మయ్యని లోపలికి పిలిచింది. కిడ్నీ పని ఒంటేలు తయారు చెయ్యడమని, అది చక్కగా చేస్తోందని చెప్పింది. మూత్రాశయం నిండిందని కబురు తెచ్చేవీ, తెరవమని చెప్పేవీ నరాలు. వెన్ను చివర అవి గుర్రం తోకలా కుచ్చుగా దిగుతాయి. పూసల మధ్య డిస్కు అనే మెత్త జారి ఆ కుచ్చు మీద కూర్చున్నట్టుంది. వెంటనే ఎమ్మారై తీసి, అదే అయితే ఆపరేషన్ చేసి బరువు దించాలి.

కూర్మయ్య చేతులు నలుపుకున్నాడు. వెన్ను కోస్తే కాళ్లు పడిపోతాయంటారని, రెండు రోజులు ఆగి నాలుగు పెద్ద తలకాయల్ని అడుగుతామని అన్నాడు.

"రెండు రోజులాగితే నరం చచ్చిపోవచ్చండి. అప్పుడు జీవితాంతం గొట్టమే కావచ్చు. ఇప్పుడు వెళ్లినా అంతా తిరిగొస్తుందని మాటివ్వలేను. ఆలస్యమైతే మాత్రం దక్కేది తక్కువ" అంది ఝాన్సీ.

"పెద్ద తలకాయల నడుమా ఇది?" అంది కాంతం మంచం మీంచి. "నాది. బండి పిలవండి డాక్టరమ్మా."

డాక్టరు ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచింది. 108లో విశాఖ వెళ్లారు. ఎమ్మారైలో జారిన మెత్త స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రే కాంతాన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు.

కాళ్ల నొప్పి మర్నాడే తగ్గింది. మిగిలింది అంత సులువుగా లొంగలేదు. గొట్టం తీస్తే మూత్రాశయం నిండిపోయింది, మళ్లీ వేశారు. తరవాత తనకి తానే శుభ్రంగా గొట్టం పెట్టుకుని తీసుకోవడం నర్సు నేర్పింది. ఇంటికొచ్చాక చాలా వారాలకి, ఒకనాటి మధ్యాహ్నం, పొత్తికడుపులో చిన్న పిలుపు వినిపించినట్టయింది. దొడ్లోకి పరిగెత్తింది. సగం తనంతట తాను పోసింది. మిగతా సగానికి ఇప్పటికీ గొట్టం కావాలి. కూర్చునే చోట ఎడమ పక్క ఇంకా మొద్దుగానే ఉంది. ఆ పక్కకి ఇక ప్రాణం రాకపోవచ్చని డాక్టర్లు దాచకుండా చెప్పారు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలతో గౌరమ్మ, నడుం ఆపరేషనమ్మా, ఎవరి దిష్టో అంటోంది. కాంతం మంచం మీద లేచి కూర్చుంది.

"దిష్టి కాదత్తా. సరిగా సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

చెప్పింది. మొద్దుబారిన చోటు పేరుతో సహా చెప్పింది. వచ్చినవాళ్లలో మావ వరసాయన లేచి బయటికి పోబోతే, కూకో మావా, నీకూ నడుముంది కదా అంది. ఆయన కూర్చున్నాడు.