ఆయన చేతే దిద్దించిన అంకె

కొవ్వూరు అవతల ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పేలకుండా ఆపింది నేనేనని ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా ఆ బాయిలర్ పెరుగుతూ వచ్చింది. మనవల దాకా వచ్చేసరికి రైలింజనంత అయింది. నిజానికి అది ఎడ్లబండంతే. ఇలాంటి సవరణలు ఇంకా ఉన్నాయి. వరసగా చేసుకుంటూ పోతాను.

తొంభైల్లో రాజమండ్రిలో పైపులు, వాల్వులు అమ్మే షాపులో ఆర్డర్లు చూసేవాణ్ణి. ఒకరోజు ఆ మిల్లు యజమాని నుంచి ఉత్తరం వచ్చింది. గుమస్తాల్ని నమ్మడు, ప్రతి ఆర్డరూ స్వదస్తూరీతో రాస్తాడు. బాయిలర్‌కి సేఫ్టీ వాల్వు ఒకటి కావాలి, పదిన్నర కేజీల ఒత్తిడికి సెట్ చేయించి పంపండి, అని ఉంది.

సేఫ్టీ వాల్వంటే పెద్ద రహస్యమేమీ లేదు. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే తనంతట తాను తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. ఆ హద్దు ఎంతో మనం రాసి పంపితే, కంపెనీవాళ్లు స్ప్రింగు బిగించి సీలు వేసి ఇస్తారు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఉత్తరంలో అంకె తప్పయితే ఆ తప్పుకే సీలు పడుతుంది.

అంతకుముందు సంవత్సరం అదే బాయిలర్‌కి మేమే ప్రెజర్ మీటరు ఇచ్చాం. దాటకూడని ఎర్రగీత ఏడు దగ్గర. మరి ఈ పదిన్నర ఎక్కడిది? కాసేపటికి తట్టింది. బాయిలర్ కొత్తగా చేసినప్పుడు చన్నీళ్లు నింపి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఏడుకి ఒకటిన్నర రెట్లు పదిన్నర. ఆ అంకె కూడా బాయిలర్‌కి బిగించిన ప్లేటు మీద, కాగితాల్లో ఉంటుంది. పెద్దాయన, అదే ఆ యజమాని, రోజూ నడిపే పని ఒత్తిడి బదులు పరీక్ష ఒత్తిడి ఎక్కించేశాడు. అలాంటి వాల్వు బిగిస్తే బాయిలర్ ఏడు దాటి పొంగినా పదిన్నర దాకా అది నోరు విప్పదు.

ఆయన సంగతి ఊరందరికీ తెలుసు. బెల్టులిచ్చే షాపువాడొకడు 'మీ కొలత తప్పండి' అని రాసినందుకు ఈయన ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. మా ఎదుటి షాపువాడైతే ఏ అంకె రాస్తే ఆ అంకెకే తెప్పిస్తాడు, ఒక్క ప్రశ్న వేయడు. ఆయన కోపం వచ్చి అటు వెళ్లాడా, ఆ బాయిలర్ ముందు నిలబడి పొయ్యి వేసే ఫైర్‌మన్ బతుకు పదిన్నర దగ్గర వేలాడుతుంది.

అందుకని ఇలా రాశాను: 'మా రికార్డులో తమ బాయిలర్ వివరాలు అసంపూర్తిగా ఉన్నవి. ప్లేటు మీద ఉన్న పని ఒత్తిడి, పరీక్ష ఒత్తిడి రెండూ దయచేసి తెలియజేయగలరు.' నాలుగో రోజున కార్డు వచ్చింది. 'పదిన్నర. ఇది రెండోసారి రాయడం. మూడోసారి రాయను.'

మర్నాడు బస్సెక్కాను. వరద గోదావరిలో నాటుపడవ మీద వెళ్లానని చెబుతుంటాను. బస్సే. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

పెద్దాయన ఆఫీసు గదిలో పడక్కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏంటి, వాల్వు తెచ్చావా?"

"వాల్వు కోసమే వచ్చానండి. కంపెనీవాళ్లు కొత్త ఫారం పెట్టారు. ప్లేటు చూసి నింపాలంటున్నారు."

"రాశానుగా."

"తమరు రాశారండి. ఫారమే నన్ను నమ్మడం లేదు."

మూతి బిగించాడు గాని, కర్ర తీసుకుని లేచాడు.

బాయిలర్ గదిలో ఊక మండుతోంది. నేను మొదట చూసింది ప్లేటు కాదు, మీటరు. ముల్లు ఎర్రగీత మీద లేదు, దాటి ఉంది. పైన పాత వాల్వు, మీట ఉన్న రకం. మీట చివర వాల్వుని మూసి ఉంచే బరువు ఉండనే ఉంది, దానికి తోడు ధాన్యం తూచే ఐదు కేజీల రాయొకటి తీగతో వేలాడుతోంది. ఉండుండి చిన్నగా ఊగుతోంది.

"అదేంటండీ?" అన్నాను, మెల్లగా, ఫైర్‌మన్‌తో.

"కారిపోతందండి ఆవిరి. అది కడితే ఊరుకుంటంది. కొత్తదొచ్చేదాకా అంతేనండి, ఆయ్. కేరళ వెళ్లే బియ్యం ఆగకూడదంటన్నారు." పొయ్యిలో ఇంకో పార ఊక వేశాడు.

పెద్దాయన వెనకాలే నిలబడ్డాడు. ముందు అంకె సంగతి తేల్చుకోవాలి. ఫారం, పెన్ను ఆయన చేతికిచ్చాను.

"కళ్లజోడు బస్సులో పోయిందండి. కాస్త తమరే చదివి, తమరే వేసేయండి." కళ్లజోడు నా జేబులోనే ఉంది.

ఆయన ప్లేటు మీది మసి పైపంచెతో తుడిచాడు. "వర్కింగు..." అని ఆగాడు. "ఏడు." ఇంకోసారి తుడిచి, "టెస్టు, పదిన్నర."

ఆయన నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఫైర్‌మన్ మాత్రం మా ఇద్దర్నీ చూస్తున్నాడు.

"రెండూ పక్కపక్కనే కొడతారండి ఈ కంపెనీవాళ్లు. వాళ్లకి బుద్ధుండదు," అన్నాను.

"ఉండదు," అన్నాడాయన, గట్టిగా. ఏడు వేసి, కింద సంతకం పెట్టాడు. "పదిహేను రోజుల్లో రావాలి."

ఇక్కడ నా కథలో నేను ఆ తూకం రాయిని తెంపి అవతల పారేస్తాను. కొన్నిసార్లు పెద్దాయన నాకు దణ్ణం కూడా పెడతాడు. జరిగింది చెబుతాను. ఒక తప్పు ఆయన చేతే దిద్దించేసరికి నా మర్యాదంతా ఖర్చయిపోయింది. రెండో మాట ఎత్తితే ఆ సంతకం చింపేస్తాడేమోనని భయం. 'సెలవండి' అన్నాను. గుమ్మం దాటుతుంటే వెనక రాయి తీగ కిర్రుమంది.

షాపులో ఫోను మోగినప్పుడల్లా ఆ మిల్లు నుంచేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. మోగకపోతే ఇంకా ఘోరం. అలా మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున్నే మిల్లుకి ఫోను చేసి, ఎలా అడగాలో అలా అడిగాను.

"వాల్వు కింది ఫ్లేంజి బోల్టుల బెజ్జాలు సరిచూడాలటండి. పాత వాల్వు శాంపిలుగా పంపమంటున్నారు."

"అది విప్పితే బాయిలర్ ఆగిపోద్ది కదయ్యా."

"ఆగుతుందండి."

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నీకు కావాల్సింది వాల్వేనా?"

"వాల్వేనండి."

"పొయ్యి నిన్ననే ఆరింది. పంపుతున్నాను." ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం బస్సులో ఫైర్‌మనే తెచ్చాడు, గోనెసంచిలో చుట్టి, ఎడమ చేత్తో మోసుకుంటూ. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు.

"ఏమైందండీ?"

"పైపు జాయింటు దగ్గర ప్యాకింగు ఎగిరిపోయిందండి. ఆవిరి కొట్టేసింది. ఆయ్, కళ్లకి తగల్లేదు, అదే అదృష్టం."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రమండి."

వాల్వు బల్ల మీద పెట్టాడు. ముట్టినట్టు కాగితం అడిగాడు, పెద్దాయన తెమ్మన్నాడట. రాశాను. ఫోను చేయడానికి ఆ మిల్లు నంబరు నా దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. ఆ మాట ఫైర్‌మన్‌తో అనలేదు, కాఫీ తెప్పించాను. ఎడమ చేత్తో తాగడం ఇంకా అలవాటు కాలేదు కాబోలు, సగం సాసర్లో ఒలికింది.

కొత్త వాల్వు ఏడుకే సీలు పడి వచ్చింది. ఆ బాయిలర్ పేలలేదు. నేను ఆపానని చెప్పుకునేది ఇదే.