చిలకలపూడి షెడ్డులో వరుస

బందరు డిగ్రీ కాలేజీలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠం చెప్పేవాణ్ణి. పుస్తకాల్లోని కార్ల ఫ్యాక్టరీలు మా పిల్లలెవరూ చూడలేదని, ప్రశ్నలన్నీ మన చుట్టుపక్కల నుంచే ఇచ్చేవాణ్ణి. దానికి నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక ఏడాది పరీక్ష పేపర్లో మూడు వర్ణనలిచ్చి, దేనికి ఏ లేఅవుటో, అంటే పనిచోటు అమరిక ఏదో, ఏ ఉత్పత్తి పద్ధతో రాయమన్నాను. గుడివాడ రైసు మిల్లులో ధాన్యం ఒక చివర పోస్తే ఆగకుండా సాగి మరో చివర బియ్యమై వస్తుంది. అది ప్రాడక్ట్ లేఅవుట్. గిలకలదిండిలో కట్టే పడవ కదలదు, మనుషులే పనిముట్లతో దాని దగ్గరికి వస్తారు. అది ఫిక్స్‌డ్ పొజిషన్. మూడోది చిలకలపూడి రోల్డుగోల్డు షెడ్డు. తీగ, అచ్చు, టంకం, పూత, మెరుగు అని పనులు వరుసగా రాసి, జవాబుల కీలో దానికీ ప్రాడక్ట్ లేఅవుటే పెట్టాను. నేను ఆ షెడ్డులో ఏనాడూ అడుగుపెట్టలేదు.

ఒకమ్మాయి మాత్రం ఆ షెడ్డుకి, ఒక్కో పనికి ఒక్కో చోటు ఉండే ప్రాసెస్ లేఅవుట్ అనీ, విడతలవారీగా చేసే బ్యాచ్ ఉత్పత్తి అనీ రాసింది. సున్నా వేశాను. రెండు మార్కుల తేడాతో తప్పింది. ఈసారి తప్పితే చదువు మాన్పించి టంకం దగ్గర కూర్చోబెడతానని, ఆ షెడ్డులోనే పనిచేసే వాళ్ల నాన్న ముందే చెప్పాడట. ఆ సంగతి చెప్పుకుంటూనే పేపరు పట్టుకుని నా గదికి వచ్చింది.

"మా షెడ్డులో వరుస వస్తువుకో రకంగా ఉంటుందండీ. గొలుసు అచ్చు దగ్గరికే వెళ్లదు," అంది.

వరుస ఉన్నాక ప్రాడక్ట్ లేఅవుటేనని కసిరాను. కీ నేనే తయారుచేశానన్న పొగరు. సప్లిమెంటరీ రాసుకోమని పంపేశాను. ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు.

మూడేళ్ల తర్వాత పిల్లల్ని ఆ షెడ్డుకే తీసుకెళ్లాను. ఒక మూల అచ్చులన్నీ, ఇంకో మూల పూత తొట్లన్నీ. గాజుల ట్రే ఒక దారిన, కమ్మల ట్రే ఇంకో దారిన వెళ్తున్నాయి. గొలుసులు తీగ నుంచి నేరుగా టంకానికే వస్తున్నాయి. పూత దగ్గర రకరకాల ట్రేలు వంతు కోసం ఆగి ఉన్నాయి. అచ్చమైన ప్రాసెస్ లేఅవుట్.

టంకం బల్ల దగ్గర ఆ అమ్మాయే కూర్చుని ఉంది. ఇది ఏ లేఅవుటని ఓ కుర్రాడు ఆమెనే అడిగాడు. ఆమె మంట తగ్గించి నా వైపు చూసింది.

"సార్, ఇక్కడున్నది చెప్పనా, మీ కీలో ఉన్నది చెప్పనా?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నాకు ఏడుపొచ్చింది. పిల్లలందరి ముందే చెప్పాను, ఆమె రాసిందే రైటని, తప్పు నాదని.

"ఆ రోజు ఒక్కసారి వచ్చి చూసుంటే బాగుండేదండీ. నడిచొచ్చే దూరమే కదా," అంది.

మళ్లీ మంట పెంచి, ట్రేలో తర్వాతి గొలుసు అందుకుంది.