రూఫస్‌ను రమ్మన్న పని

తప్పు ఎక్కడ జరిగినా అది తనదే అనుకునే మనిషి రూఫస్. ఆదివారం ప్రార్థనలో మైకు కుయ్యిమన్నా ముందు తన డోలక్ వైపే అనుమానంగా చూసుకునేవాడు. ఎనిమిదేళ్ల కిందట, నెల్లూరులో నేను నడిపే కంప్యూటర్ సెంటర్లో చేరాడు. కరెంటు పోయినా "నేనేమన్నా నొక్కినానా అన్నా?" అని అడిగేవాడు. అంత అణకువ చూస్తే నాకు ఒళ్లు మండేది. తిట్టేవాణ్ణి. వాడు నవ్వేవాడు. వాడంటే నాకు ప్రాణం.

తర్వాత చిల్లకూరు దగ్గర ఒక రొయ్యల కంపెనీలో కుదురుకున్నాడు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోను మోగాలి. ఆ ప్రోగ్రాం రాసేది వాడే. రాసినదాన్ని ప్రోగ్రాములు దాచే గిట్‌హబ్ అనే వెబ్‌సైటుకు పంపితే, అక్కడి నుంచి కంపెనీ సర్వరుకు చేరేది. డెబోరాను పెళ్లి చేసుకున్నాక నెల్లూరు రావడం తగ్గించేశాడు. ఆ కోపం నాకు లోపల ఉండనే ఉంది.

మొన్న జూలైలో ఒక బుధవారం ఫోన్ చేశాడు.

"అన్నా, మూడు దినాల్నించి నేను రాసింది పోవడం లేదు. పుష్ కొడితే అట్నే నిలబడిపోతాండాది. కాసేపటికి పోర్టు ఇరవైరెండు, టైమ్ అవుట్ అంటాండాది."

"గిట్‌హబ్ బ్రౌజర్లో తెరుచుకుంటాందా?"

"బాగానే తెరుచుకుంటాంది. గిట్‌హబ్ నన్ను గుర్తుపట్టే కీ చెడిపోయిందేమోనని మూడుసార్లు కొత్తది చేసి ఎక్కించినా. నేనే ఏదో చెడగొట్టినా అన్నా."

"ఆఫీసు నెట్లో ఏమన్నా మార్చినారా?"

"సోమవారం కొత్త ఫైర్‌వాల్ పెట్టినారు."

అంతే, నాకు అర్థమైపోయింది. కీ చెడితే గిట్‌హబ్ వెంటనే కాదంటుంది, ఇలా నాన్చదు. వాడు పంపేది ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిలో; అది వెళ్లే తలుపును, ఇరవైరెండో పోర్టును, నెట్‌కు కాపలా ఉండే ఆ ఫైర్‌వాల్ మూసేసింది. వెబ్‌సైట్లు వెళ్లే నాలుగువందల నలభైమూడో పోర్టును వదిలేసింది. ఆ పోర్టు మీద కూడా ఎస్‌ఎస్‌హెచ్ తీసుకోవడానికి గిట్‌హబ్‌కు వేరే చిరునామా ఉంది. ల్యాప్‌టాప్‌లో రిమోట్‌ను, అంటే పంపే చిరునామాను, అటు మారిస్తే చాలు. ఒక్క లైను. ఫోన్లో చెప్పి ఉండాల్సింది.

చెప్పలేదు. "రేపు ల్యాప్‌టాప్ తీసుకోని రారా, చూద్దాం. నీ ముఖం చూసి ఎన్నాళ్లయిందో. మీ వదిన చేపల పులుసు చేస్తాదిలే" అన్నాను.

"సరే అన్నా, పొద్దున్నే బయల్దేరతా" అన్నాడు సంబరంగా.

మరునాడు మనుబోలు దాటాక వాడి బండిని లారీ కొట్టింది. పది గంటలకు పులుసు పొయ్యి మీద ఉండగా, వాడు పోయాడని నాకు ఫోన్ వచ్చింది.

పదకొండో రోజున కంపెనీ మేనేజరు సుశీల్ కుమార్ గారు నన్ను పిలిపించారు. రూఫస్ చివరగా రాసింది చెరువులకు అవసరమట. అది వాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. భర్త వస్తువులు తీసుకుపోవడానికి డెబోరా కూడా వచ్చి ఉంది. స్క్రీను ఒక మూల పగిలినా ల్యాప్‌టాప్ పనిచేస్తోంది. పాస్‌వర్డ్ ఆమే కొట్టింది.

ఫైర్‌వాల్ తెరవాలంటే, దాన్ని పెట్టిన చెన్నైవాళ్లకు వారం పడుతుందన్నారు మేనేజరు. నాలుగువందల నలభైమూడో పోర్టు దారిన పంపవచ్చా అని అడిగాను. పంపమన్నారు.

వాడి కుర్చీలో కూర్చుని రిమోట్ చిరునామా మార్చాను. ముందర ssh అని, గిట్‌హబ్ పేరు, వెనక 443. కొత్త చిరునామా కదా, నమ్మవచ్చా అని ల్యాప్‌టాప్ అడిగింది. అసలు గిట్‌హబ్‌దేనని తేల్చడానికి వాళ్లు ప్రకటించిన వేలిముద్ర అనే అక్షరాల గుర్తుతో సరిచూసి అవునన్నాను. వాడు మూడోసారి చేసిన కీనే గిట్‌హబ్ ఒప్పుకుంది. పుష్ కొట్టాను. రూఫస్ మూడు రోజుల పని గబగబా వెళ్లిపోయింది.

డెబోరా నా వెనకే నిలబడి అంతా చూసింది.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోయిందమ్మా."

"మీకు ఫోన్ చేసిన ఆ రాత్రంతా నేనే చెడగొట్టినా, నేనే చెడగొట్టినా అని ఒకటే గొణుక్కున్నాడు. ఆయన చెడగొట్టింది ఏంది?"

"ఏమీ లేదు తల్లీ. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు."

ఆమె పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పగిలిన స్క్రీను మీద నేను కొట్టిన లైనును వేలితో చూపించింది. తర్వాత అడిగింది.

"ఇప్పుడు మీరు కొట్టినారే ఆ లైను, అది ఫోన్లో చెప్పేదానికి కుదరదా అన్నా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. దగ్గరుండి చూడాల్సిన పని అంటే ఆమె నమ్మేది. ఎనిమిదేళ్లు ప్రతి తప్పూ తనమీద వేసుకున్న మనిషి కుర్చీలో కూర్చుని ఆ మాట అనలేకపోయాను.

"కుదురుతాదమ్మా. వాణ్ణి చూడాలనిపించి రమ్మన్నా."

డెబోరా ల్యాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయింది.